ఇంగ్లీష్ లెక్కను తెలుగులో రాస్తే జవాబు ఎందుకు మారుతోంది?

ప్రశ్న: సార్, అనంతపురం దగ్గర ఒక పల్లెలో 5వ తరగతికి లెక్కలు చెప్తాను. ఇంగ్లీష్ వర్క్‌బుక్‌లోని పద సమస్యల్ని తెలుగులో రాసి పిల్లలకు ఇస్తున్నా. "రంగయ్య సోమవారం కంటే మంగళవారం మూడు రెట్లు ఎక్కువ ఎర్రగడ్డలు అమ్మాడు. రెండు రోజులూ కలిపి 60 కిలోలు. సోమవారం ఎన్ని కిలోలు?" అని రాశాను. సగం మందికి 15, సగం మందికి 12 వచ్చింది. కూడిక, భాగహారం ఎవరూ తప్పు చేయలేదు. తప్పు నా తెలుగులో ఉందా? ఎలా రాస్తే లెక్క మారకుండా ఉంటుంది?

జవాబు:

15 రాసినవాళ్ళదీ తప్పు కాదు, 12 రాసినవాళ్ళదీ తప్పు కాదు. మీ వాక్యానికి రెండు అర్థాలున్నాయి. మంగళవారం అమ్మింది సోమవారానికి మూడు రెట్లు అనుకున్న పిల్లలు 60ని నాలుగు భాగాలు చేశారు. వాళ్ళకు సోమవారం 15, మంగళవారం 45 వచ్చాయి. "ఎక్కువ" అనే మాటను పట్టుకున్న పిల్లలేమో, సోమవారం అమ్మినంతా అమ్మి, దాని పైన ఇంకో మూడు రెట్లు అమ్మాడని చదువుకున్నారు. అప్పుడు మంగళవారం నాలుగు రెట్లు అవుతుంది. 60ని ఐదు భాగాలు చేస్తే సోమవారం 12, మంగళవారం 48.

ఇక్కడ ఇంకో సంగతి కూడా గమనించండి. 60ని నాలుగుతో భాగించినా, ఐదుతో భాగించినా శేషం రాదు. అందుకే పిల్లల్లో ఎవరికీ అనుమానం రాలేదు. మొత్తం 64 కిలోలు అయ్యుంటే ఒక దారిలో 16 వస్తుంది, రెండో దారిలో 12.8 వస్తుంది. 5వ తరగతి పిల్లవాడు 12.8 దగ్గర ఆగి, "సార్, ఇది సరిగా పోలేదు" అని లేచి నిలబడేవాడు. అనువాదంలో తప్పున్నా రెండు దారుల్లోనూ చక్కటి పూర్ణసంఖ్య వస్తే ఆ తప్పు ఏళ్ళ తరబడి దొరక్కుండా ఉండిపోతుంది.

ముందు మీ ఇంగ్లీష్ వాక్యాన్ని మళ్ళీ చూడండి. అక్కడ "త్రీ టైమ్స్ యాజ్ మచ్ యాజ్" అని ఉంటే అర్థం ఒక్కటే, మూడు రెట్లు. దాన్ని తెలుగులో రాసేటప్పుడు "కంటే", "ఎక్కువ" అనే రెండు మాటలూ తీసేసి, "కి" పెట్టండి. "సోమవారం అమ్మినదానికి మూడు రెట్లు మంగళవారం అమ్మాడు." ఇందులో పోలిక లేదు, కొలత మాత్రమే ఉంది. "మూడింతలు అమ్మాడు" అన్నా బాగుంటుంది, ఇళ్ళల్లో పెద్దవాళ్ళ నోట విన్న మాటే కాబట్టి పిల్లలకు తేలిగ్గా అందుతుంది. ఒకవేళ ఇంగ్లీష్‌లోనే "త్రీ టైమ్స్ మోర్ దేన్" అని ఉంటే మీరు ఒక అర్థం ఊహించుకుని రాయకండి. ఆ మాట మీద ఇంగ్లీష్ చదివేవాళ్ళలోనే రెండు అభిప్రాయాలున్నాయి. వర్క్‌బుక్ వెనక జవాబు 15 ఉందా, 12 ఉందా చూసి, దానికి తగ్గ తెలుగు రాయండి. 12 ఉంటే "నాలుగు రెట్లు" అని నేరుగా రాసేయడమే మంచిది.

"పెరగడం" దగ్గర కూడా ఇదే చిక్కు. "ఒక రెట్టు పెరిగింది" అంటే రెట్టింపయిందని మనకు తెలుసు. మరి "రెండు రెట్లు పెరిగింది" అంటే రెండింతలా, మూడింతలా? పదిమంది టీచర్లను అడిగినా అందరూ ఒకే మాట చెప్పరు. అందుకే నేను రెట్లను పెరగడంతో, ఎక్కువతో, తక్కువతో కలిపి ఎప్పుడూ రాయను. "మూడు రెట్లు తక్కువ" అని రాయాల్సి వస్తే "మూడో వంతు" అని రాస్తాను.

నేను పాటించే పద్ధతి ఇది. ఇంగ్లీష్ లెక్క చదవగానే తెలుగు వాక్యం మొదలుపెట్టను. ముందు పక్కన సమీకరణం రాసుకుంటాను. మీ లెక్కకు:

```
సోమవారం = s
మంగళవారం = 3 × s
s + 3 × s = 60
```

తర్వాత ఇంగ్లీష్ వాక్యాన్ని మూసేసి, ఈ మూడు వరుసల్ని చూస్తూ, ఒక తెలుగు పిల్లవాడికి నోటితో చెప్తున్నట్టు వాక్యం రాస్తాను. ఇంగ్లీష్ వాక్యం కళ్ళెదుట ఉన్నంతసేపూ దాని మాటల వరుసే చేతిలోకి వస్తుంది, "మోర్" కనిపిస్తే చెయ్యి దానంతటదే "ఎక్కువ" అని రాసేస్తుంది. మూసేశాక మాత్రం రాయాల్సింది ఆ సమీకరణం ఒక్కటే.

ఇంగ్లీష్‌లో "ఈచ్" అనే చిన్న మాట ఉంటుంది. నేను చూసిన పేపర్లలో ఎక్కువ లెక్కల్ని పాడుచేసింది అదే, నాకు మొదట దెబ్బ తగిలిందీ అక్కడే. తెలుగులో ఈ పనికి మనకు ఇంగ్లీష్‌లో లేని మంచి సౌకర్యం ఉంది. రెండేసి, మూడేసి, పదేసి అంటాం. "ఐదుగురు పిల్లలకు మూడేసి ఓళిగలు పెట్టింది" అంటే పదిహేను ఓళిగలని చిన్నపిల్లకు కూడా తెలుసు. "ఐదుగురు పిల్లలకు మూడు ఓళిగలు పెట్టింది" అంటే ఉన్నవే మూడు, వాటిని ఐదుగురూ పంచుకున్నారు. తేడా అంతా ఒక్క "ఏసి"లో ఉంది. లెక్కల పుస్తకంలో మనం సంఖ్యను అంకెల్లో రాస్తాం. 3 పక్కన "ఏసి" ఎలా చేర్చాలో తెలియక అనువాదం చేసేవాళ్ళు దాన్ని వదిలేస్తారు. నోటితో చెప్పేటప్పుడు ఎవరూ చేయని తప్పు కాగితం మీద జరిగేది ఇందుకే. అంకె వేస్తే "చొప్పున" తప్పకుండా వేయాలి. "4 పెట్టెల్లో 24 చీనీకాయలు ఉన్నాయి" అన్న వాక్యాన్ని మొత్తం 24 అని కూడా చదవొచ్చు. "24 చీనీకాయల చొప్పున 4 పెట్టెలు నింపాడు" అంటే 96 తప్ప ఇంకోటి రాదు.

కానీ "చొప్పున" ఒక్కటీ అన్ని చోట్లా సరిపోదు. కడప జిల్లాలో పనిచేసే రోజుల్లో ఒక పరీక్ష పేపరుకు నేను ఇలా రాశాను: "ముగ్గురు కూలీలు రోజుకు 2 బస్తాల చొప్పున బుడ్డలు ఒలిచారు. 5 రోజుల్లో ఎన్ని బస్తాలు ఒలిచారు?" ఇంగ్లీష్‌లో "ఈచ్ ఆఫ్ త్రీ వర్కర్స్" అని ఉంది, కాబట్టి జవాబు 30. క్లాసులో చాలామంది 10 రాశారు. నేను తప్పు కొట్టాను. పేపర్లు ఇచ్చిన రోజు ఒక అమ్మాయి వచ్చి, "సార్, ముగ్గురూ కలిసే గదా దినానికి రెండు బస్తాలు? మా ఇంట్లో నలుగురు కూర్చుని ఒలిచినా బస్తా దాటదు" అంది. ఆ పిల్ల చెప్పింది రెండు విధాలా నిజం. "చొప్పున" అనే మాట "రోజుకు" దగ్గర అతుక్కుంది. మనిషికి ఎన్ని అనేది నా వాక్యం ఎక్కడా చెప్పలేదు. వాక్యం చెప్పని దాన్ని పిల్లలు ఇంట్లో చూసిన పనితో నింపుకున్నారు. ఒక్క మనిషి చేత్తో రోజుకు రెండు బస్తాలు ఒలవడం జరగని పని అని వాళ్ళకు తెలుసు, నాకు తోచలేదు. ఆ రోజు సాయంత్రం అన్ని పేపర్లూ వెనక్కి తీసుకుని మళ్ళీ మార్కులు వేశాను.

ఆ వాక్యం ఇప్పుడు రాయాల్సి వస్తే "ముగ్గురు కూలీల్లో ఒక్కొక్కరు రోజుకు 2 బస్తాల ఎర్రగడ్డలు ఏరారు" అని రాస్తాను. "ఒక్కొక్కరు", "రోజుకు" రెండూ ఉండాలి. ఒక లెక్కలో మనిషికి, రోజుకు, పెట్టెకు అని ఎన్ని లెక్కలు కలుస్తాయో, వాక్యంలో అన్ని మాటలు కనిపించాలి. సమీకరణంలో 3 × 2 × 5 అని రెండు గుణకారాలుంటే, తెలుగు వాక్యంలో కూడా రెండు "ఒక్కొక్క" మాటలో, "చొప్పున"లో, "రోజుకు"లో ఉన్నాయా అని వేలు పెట్టి లెక్కపెట్టుకోండి. ఈ ఒక్క అలవాటు సగం తప్పుల్ని పట్టిస్తుంది.

ఒక్క అక్షరం మీద జవాబు మారిపోయే చోటు ఇంకోటుంది. ఎర్రగడ్డల ధర కిలో 80 ఉండేది. "20 రూపాయలు తగ్గింది" అంటే ఇప్పుడు 60. "20 రూపాయలకు తగ్గింది" అంటే ఇప్పుడు 20. ఇంగ్లీష్‌లో "బై" ఉంటే మొదటిది, "టు" ఉంటే రెండోది. పిల్లవాడు వాక్యాన్ని వేగంగా చదువుతూ పోతే ఈ "కు" కంటికి ఆనదు. శాతాల్లో ఇంకా ప్రమాదం. 80 రూపాయల్లో 20 శాతం తగ్గితే 64 మిగులుతుంది, 20 శాతానికి తగ్గితే 16. నేను ఈ రెండో రకాన్ని ఎప్పుడూ "తగ్గింది" అని ముగించను. "కొత్త ధర 20 రూపాయలు" అని రాసేస్తాను. మొదటి రకానికి "ముందున్న ధర మీద 20 రూపాయలు తగ్గింది" అంటాను. అప్పుడు తేడా ఒక్క అక్షరం మీద ఆధారపడదు. "20 రూపాయలకు తగ్గించి అమ్మాడు" అనే వాక్యాన్నయితే అస్సలు రాయకండి. దాన్ని 20కి దించాడనీ, 20 కంటే తక్కువకు అమ్మాడనీ రెండు రకాలుగా చదవొచ్చు.

ఇక "హౌ మెనీ మోర్" సంగతి. "సలీం దగ్గర 9 గోలీలు, ఓబులేసు దగ్గర 5 గోలీలు ఉన్నాయి" అని చెప్పి, తర్వాతి ప్రశ్నను "సలీం దగ్గర ఇంకా ఎన్ని గోలీలు ఉన్నాయి?" అని రాసిన పేపర్లు నేను చాలా చూశాను. తెలుగులో "ఇంకా ఎన్ని ఉన్నాయి" అంటే మిగిలినవి ఎన్ని అని. గోలీలు ఎవరూ తీసుకోలేదు, ఎవరికీ ఇవ్వలేదు కాబట్టి పిల్లవాడు 9 అని రాస్తాడు. ఆ వాక్యానికి అదే సరైన జవాబు. అడగాల్సింది "ఓబులేసు కంటే సలీం దగ్గర ఎన్ని గోలీలు ఎక్కువ ఉన్నాయి?" అని. అదే "ఓబులేసుకు కూడా 9 గోలీలు కావాలంటే ఇంకా ఎన్ని కావాలి?" అనే ప్రశ్నలో "ఇంకా" సరిగ్గా కుదురుతుంది. రెండింటికీ జవాబు 4 అయినా, పిల్లవాడు మనసులో చేసే పని వేరు. ఒకటి రెండు కుప్పల్ని పక్కపక్కన పెట్టి చూడటం, రెండోది చిన్న కుప్పకు కలుపుతూ పోవడం.

ఈ తేడా ఎంత పెద్దదో చెప్పడానికి 1983లో హడ్సన్ అనే పరిశోధకుడు చేసిన పని గుర్తు చేస్తాను. ఐదు పక్షులు, నాలుగు పురుగులు ఉన్న బొమ్మ చూపించి, పురుగుల కంటే పక్షులు ఎన్ని ఎక్కువ అని అడిగితే 1వ తరగతి పిల్లల్లో 64 శాతం మంది సరిగ్గా చెప్పారు. అదే బొమ్మతో, పక్షులన్నీ తలా ఒక పురుగు కోసం ఎగబడితే ఎన్ని పక్షులకు పురుగు దొరకదు అని అడిగితే అందరూ చెప్పారు. సంఖ్యలు అవే, తీసివేత అదే. కాబట్టి ఇంగ్లీష్‌లో "హౌ మెనీ మోర్" అని ఉన్నదాన్ని మీరు "ఎన్నింటికి దొరకదు" అని తెలుగులో మారిస్తే లెక్క మారదు గానీ ప్రశ్న తేలికైపోతుంది. క్లాసులో నేర్పేటప్పుడు అలా మార్చండి, నేనూ మారుస్తాను. పరీక్షలో ఇంగ్లీష్ పేపరు రాసే పిల్లలూ, తెలుగు పేపరు రాసే పిల్లలూ ఇద్దరూ ఉంటే మార్చకూడదు. ఒకరికి సులువు, ఒకరికి కష్టం అవుతుంది.

దీనికి ఉల్టాగా, మనం ఏమీ మార్చకపోయినా తెలుగు తానే లెక్కను సులువు చేసే చోటు ఒకటుంది. "ఫైవ్ లెస్ దేన్ ఎ నంబర్" అన్నదాన్ని ఇంగ్లీష్‌లో చదివే పిల్లలు, ఐదు ముందు వినబడింది కాబట్టి 5 − x అని రాసేస్తారు. తెలుగులో "ఒక సంఖ్య కంటే 5 తక్కువ" అంటాం. సంఖ్య ముందు, ఐదు తర్వాత, తీసివేత చివర. చదివిన వరుసలో రాస్తే x − 5 వచ్చేస్తుంది. ఇది మన భాష పద్ధతి, దీన్ని వంకర చేసి కష్టం చేయాల్సిన పని లేదు. అయితే 2020-21 నుంచి మన రాష్ట్రంలో ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు ఉన్న మిర్రర్ ఇమేజ్ పుస్తకాలు వచ్చాయి. తెలుగు పేజీలో సరిగ్గా చేసిన పిల్ల ఇంగ్లీష్ పేజీలో 5 − x అని రాస్తే, ఆ పిల్లకు లెక్క రాదని అనుకోకండి. తెలుగు పేజీ మీద వేలు పెట్టించి ఏది ముందు, ఏది తర్వాత అని చదివించండి.

"అందులో" అనే మాటతో కూడా జాగ్రత్త. రాసేవాడికి తను దేన్ని చూపిస్తున్నాడో తెలుసు, చదివేవాడికి తెలియదు. "60 చీనీకాయల్లో నాలుగో వంతు అమ్మాడు. అందులో మూడో వంతు పాడయ్యాయి" అని రాశారనుకోండి. మొత్తం 60లో మూడో వంతు అయితే 20 పాడయ్యాయి. అమ్మిన 15లో అయితే 5. మిగిలిన 45లో అయితే 15. ఇంగ్లీష్‌లో "ఆఫ్ ది రిమెయినింగ్" అని స్పష్టంగా ఉన్నదాన్ని "అందులో" అని కుదించినందుకు మూడు జవాబులొచ్చాయి. వాక్యం పొడుగైనా ఫర్వాలేదు, "మిగిలిన కాయల్లో మూడో వంతు" అని రాయండి.

పేర్లూ వస్తువులూ మార్చడం గురించి ఎక్కువ చెప్పను. ఆపిల్‌ను చీనీకాయ చేసినా, జాన్‌ను ఓబులేసు చేసినా లెక్కకు ఏమీ కాదు. కొలతలు మారిస్తే మాత్రం అవుతుంది. గజానికి మూడు అడుగులు అనే దాని మీద కట్టిన లెక్కలో గజాన్ని మీటరు చేస్తే భాగహారం కుదరదు. ఎకరానికి మన దగ్గర 100 సెంట్లు అంటాం, తెలంగాణలో 40 గుంటలు అంటారు. అక్కడి వర్క్‌షీట్ తెచ్చి గుంటల్ని సెంట్లు అని మార్చేస్తే మొత్తం తప్పుతుంది. కొలతను మార్చాలంటే అంకెల్ని కూడా మళ్ళీ కట్టుకోవాలి. అంత ఓపిక లేనప్పుడు కొలతను అలాగే ఉంచి, పక్కన ఒక్క వాక్యంలో దాని విలువ చెప్పండి.

రాసింది సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి మీరు మళ్ళీ చదివితే లాభం లేదు. మీకు ఇంగ్లీష్ లెక్క తెలుసు కాబట్టి మీ కళ్ళు లేని "ఒక్కొక్కరు"ను కూడా చదివేసుకుంటాయి. ఇంగ్లీష్ పేజీ చూడని ఇద్దరికి మీ తెలుగు ఇవ్వండి. పక్క క్లాసు టీచర్ ఒకరు, 8వ తరగతి పిల్ల ఒకరు చాలు. జవాబు కట్టమని అడక్కండి, సమీకరణం మాత్రం రాయమనండి. జవాబు అడిగితే తప్పు దారిలో కూడా చక్కటి పూర్ణసంఖ్య వచ్చే ప్రమాదం ఉంది, మీ ఎర్రగడ్డల లెక్కలో చూశారు కదా. వాళ్ళు రాసిన సమీకరణాన్ని మీరు మొదట్లో రాసి దాచుకున్న దానితో పోల్చండి. ఇద్దరివీ మీదానితో కలిస్తే ఆ వాక్యాన్ని పిల్లలకు ఇవ్వొచ్చు. ఒకరిది కలవకపోయినా వాక్యాన్ని సవరించండి, "అర్థం అదే కదా" అని వాదించి ఒప్పించకండి. పరీక్ష రోజు పిల్లవాడి పక్కన మీరు ఉండరు. పీసా లాంటి అంతర్జాతీయ పరీక్షల్లో కూడా ఇద్దరు వేర్వేరుగా అనువాదం చేస్తారు, మూడోవాళ్ళు రెండింటినీ కలిపి చూస్తారు. మన పల్లె బడిలో ఇద్దరు అనువాదకులు దొరకరు కాబట్టి నేను ఇద్దరు చదువరులతో సరిపెట్టుకున్నాను.

రేపు మీ క్లాసుకు ఆ లెక్క మళ్ళీ ఇవ్వండి. ఈసారి ఇలా రాయండి: "రంగయ్య సోమవారం కొన్ని కిలోల ఎర్రగడ్డలు అమ్మాడు. దానికి మూడు రెట్లు మంగళవారం అమ్మాడు. రెండు రోజులూ కలిపి 64 కిలోలు అమ్మాడు. సోమవారం ఎన్ని కిలోలు అమ్మాడు?" 16 వస్తే వాక్యం చేరినట్టు. ఎవరైనా 12.8 అని రాసినా, సరిగా పోలేదని లేచినా, ఆ పిల్లను పిలిచి వాక్యాన్ని గట్టిగా చదివించి, రెండో వాక్యంలో "దానికి" అంటే ఏమనుకుందో అడగండి.